పన్నెండు లక్షల గట్టు మీద పెట్రోలు బిల్లు

ఏప్రిల్ రాగానే పెద్ద కంపెనీల ఉద్యోగులకు హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఫ్లెక్సీ బెనిఫిట్ ప్లాన్ పోర్టల్ తెరిచాం, ఫలానా తారీఖులోగా మీ డిక్లరేషన్ ఇవ్వండి అని దాని సారాంశం. లింకు నొక్కితే కొన్ని గడులున్న పేజీ కనిపిస్తుంది. మీల్ కార్డు, ఫ్యూయల్, టెలిఫోన్, వాటి పక్కన గరిష్ఠ పరిమితులు. కొత్తగా చేరిన కుర్రాడు పక్క సీటు వైపు తిరిగి, "అక్కా, మీరెంత పెట్టారు?" అని అడుగుతాడు. "మీల్ కార్డు ఫుల్‌గా పెట్టెయ్ తమ్ముడూ. మిగతావన్నీ బిల్లుల గోల, వదిలెయ్" అని జవాబు వస్తుంది. పదేళ్ల కిందట ఇది మంచి సలహాయే. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మాత్రం 2025-26లో ఇది సరిగ్గా తలకిందుల సలహా అయింది. కార్డు వదిలేసి బిల్లుల గోల పడాల్సిన రోజులవి. అదీ అందరూ కాదు, కొందరే.

ఎందుకో తెలియాలంటే ముందు ఈ ప్లాన్ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఆఫర్ లెటర్‌లో కనిపించే సీటీసీలో బేసిక్ ఒక భాగం, ఇంటి అద్దె అలవెన్స్ ఒక భాగం, పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీ మరికొంత. ఇవన్నీ పోగా మిగిలిన మొత్తానికి స్పెషల్ అలవెన్స్ అని పేరు పెడతారు. ఆ పేరులో స్పెషల్ ఏమీ లేదు, లెక్క సరిపోవడానికి పెట్టిన గడి అది. దాని మీద పూర్తిగా పన్ను పడుతుంది. ఫ్లెక్సీ ప్లాన్ అంటే ఈ స్పెషల్ అలవెన్స్‌లోంచి కొంత తీసి భోజనానికి, పెట్రోలుకు, ఫోనుకు అని విడివిడిగా రాసుకునే వీలు. అంటే కంపెనీ అదనంగా ఇచ్చేది రూపాయి కూడా లేదు. మన డబ్బే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతుంది. ఆ రెండో జేబు మీద పన్ను లేకపోతేనే ఈ మార్పుకు అర్థం. పన్ను ఉంటే మన డబ్బుకు మనమే ఆంక్షలు పెట్టుకున్నట్టు.

రెండో జేబు మీద పన్ను ఎందుకు ఉండదు? జీతం కాకుండా ఉద్యోగికి యజమాని కల్పించే సౌకర్యాలను ఆదాయపు పన్ను చట్టం పెర్క్విజిట్లు అంటుంది. వాటికి ఎలా విలువ కట్టాలో 2025-26 దాకా 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లోని మూడో నిబంధన చెప్పేది. ఏ సౌకర్యంలో ఎంత వరకు పన్ను లెక్కలోకి రాదో అందులోనే ఉండేది. 2005 నుంచి కొన్నేళ్లు ఈ సౌకర్యాల్లో చాలావాటి మీద ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్ పేరుతో కంపెనీలే పన్ను కట్టేవి. 2009లో ఆ పన్ను రద్దయింది. అదే ఏడాది డిసెంబరులో కొత్త విలువలతో మూడో నిబంధనను మళ్లీ నోటిఫై చేశారు. ఈ వ్యాసంలో వాడుతున్న యాభై రూపాయలు, పద్ధెనిమిది వందల రూపాయలు అప్పటివే. 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా వాటిని ఎవరూ కదపలేదు. మధ్యలో బిర్యానీ ధర ఎంత కదిలిందో చెప్పక్కర్లేదు.

ముందు అందరికీ ఇష్టమైన మీల్ కార్డు సంగతి. 2025-26 దాకా యజమాని పని వేళల్లో ఇచ్చే భోజనానికి పూటకు 50 రూపాయల వరకు పన్ను ఉండేది కాదు. ఆ భోజనం ఆఫీసు ఆవరణలో పెట్టొచ్చు, లేదా తినే చోట మాత్రమే చెల్లే, వేరేవాళ్లకు బదిలీ చేయలేని వోచర్ల రూపంలో ఇవ్వొచ్చు. కంపెనీలు రోజుకు రెండు పూటలు, నెలకు 22 పని దినాలు అని లెక్కేసేవి. నెలకు 2,200 రూపాయలు, ఏడాదికి 26,400. ఒకప్పుడు ఇవి కాగితం కూపన్లుగా వచ్చేవి. హైదరాబాద్‌లో సొడెక్సో అనే కంపెనీ పేరే ఆ కూపన్లకు మారుపేరైపోయింది. నెలాఖర్లో సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర కూపన్ల కట్ట తీసి ఇరవై, యాభై లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. చిల్లర తిరిగి రాదు కాబట్టి చివర్లో ఒక చాక్లెట్టో, బిస్కెట్ ప్యాకెట్టో బుట్టలో పడేది. 2017లో రిజర్వు బ్యాంకు ప్రీపెయిడ్ సాధనాల నిబంధనలు మార్చి, ఆ ఏడాది డిసెంబరు 31 తర్వాత కొత్త కాగితం కూపన్లు ఇవ్వకూడదంది. అప్పటి నుంచి అంతా కార్డులే. సొడెక్సో కూడా ఆ వ్యాపారం పేరును 2023లో ప్లక్సీ అని మార్చుకుంది. జనం నోట్లో మాత్రం ఇంకా పాత పేరే.

ఈ కార్డు ఒక చోట పనిచేసి, పక్క షాపులో ఎందుకు పనిచేయదని చాలామంది విసుక్కుంటారు. కార్డు గీకే మెషీన్ తీసుకున్నప్పుడు ప్రతి దుకాణానికీ బ్యాంకు ఒక నాలుగంకెల వర్గం కోడ్ ఇస్తుంది. రెస్టారెంట్‌కు 5812, ఫాస్ట్ ఫుడ్‌కు 5814, కిరాణా సూపర్ మార్కెట్‌కు 5411. మామూలు కార్డు నెట్‌వర్క్ మీద నడిచే మీల్ కార్డుల్లో తిండికి సంబంధించిన కోడ్‌లకే అనుమతి ఉంటుంది. పెద్ద మాల్‌లో అదే బియ్యం, అదే పప్పు అమ్మినా ఆ మెషీన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ పేరుతో నమోదై ఉంటే లావాదేవీ ఆగిపోతుంది. కార్డులో డబ్బు లేక కాదు, కోడ్ కలవక. ఏటీఎంలో నగదు తీయడం కూడా కుదరదు.

ఇక్కడి దాకా పాత కథ. ఇప్పుడు ఆదాయపు పన్నుకు రెండు దారులున్నాయి. హెచ్‌ఆర్‌ఏ, 80సీ, ఇంటి రుణం వడ్డీ వంటి మినహాయింపులన్నీ ఉన్న పాత విధానం ఒకటి. అవి చాలావరకు లేకుండా, తక్కువ రేట్లతో ఉన్న కొత్త విధానం ఇంకొకటి. మనం ఏదీ చెప్పకపోతే 2023-24 నుంచి కంపెనీ కొత్త విధానం ప్రకారమే పన్ను కోస్తుంది. మూడో నిబంధనలో భోజనం గురించి చెప్పిన చోటే, కొత్త విధానంలో ఉన్న ఉద్యోగికి వోచర్ మీద ఈ యాభై రూపాయల మినహాయింపు వర్తించదని ఒక షరతు చేర్చారు. షరతు వోచర్‌కే. ఆఫీసు క్యాంటీన్‌లో కంపెనీ ఉచితంగా పెట్టే భోజనానికి అది తగలదు. అంటే కంపెనీ వడ్డించిన సాంబారు అన్నానికి పన్ను లేదు. అదే డబ్బు కార్డులో వేసి బయట తినమంటే ఉంది. దీంట్లో తర్కం ఏమిటో నాకైతే అర్థం కాలేదు గానీ, లెక్క మాత్రం స్పష్టం. 2025-26లో కొత్త విధానంలో ఉన్నవాళ్లకు మీల్ కార్డులో పడ్డ 26,400 రూపాయలకూ, బ్యాంకు ఖాతాలో పడ్డ 26,400 రూపాయలకూ పన్ను ఒకటే. తేడా ఏమిటంటే కార్డులో డబ్బుతో కరెంటు బిల్లు కట్టలేం.

అయినా పాత అలవాటు కొద్దీ కార్డు పెట్టుకుంటున్నవాళ్లు ఎందరో. కొన్ని పోర్టళ్లలో నిరుడు ఎంచుకున్నదే ఈ ఏడాదీ దానంతట అదే వచ్చేస్తుంది. మీది ఏ రకమో తెలుసుకోవడం సులభమే. పేస్లిప్‌తో పాటు ట్యాక్స్ కంప్యుటేషన్ షీటు అని ఒక పేజీ దొరుకుతుంది. అందులో మీల్ వరుస దగ్గర, మొత్తం ఎంత, మినహాయింపు ఎంత, పన్ను పడేది ఎంత అని ఉంటుంది. మినహాయింపు గడిలో సున్నా ఉంటే కార్డు మీకు చేస్తున్న మేలేమీ లేదు.

మరి పెట్రోలు, ఫోను సంగతో? కొత్త విధానంలో ఎత్తేసిన మినహాయింపుల జాబితాలో ఈ రెండూ లేవు. ఇవి చట్టం ఇచ్చే మినహాయింపులు కావు, పెర్క్విజిట్‌కు విలువ కట్టే పద్ధతిలో భాగం. ఆ పద్ధతి రెండు విధానాలకూ ఒకటే. భోజనం వోచర్‌కు పెట్టినట్టు ప్రత్యేకంగా షరతు పెడితే తప్ప అది పోదు, వీటికి అలాంటి షరతు పెట్టలేదు.

2025-26లో పెట్రోలు నిబంధన ఇలా ఉండేది. కారు ఉద్యోగి సొంతమై ఉండాలి. దాన్ని కొంత ఆఫీసు పనికీ, కొంత సొంత పనికీ వాడుతుండాలి. నడిపే ఖర్చు, మరమ్మతుల ఖర్చు కంపెనీ తిరిగి ఇస్తుండాలి. అప్పుడు ఇంజిన్ 1.6 లీటర్ల లోపు ఉంటే నెలకు 1,800, అంతకు మించితే 2,400 రూపాయలు ఆఫీసు పనికి ఖర్చయినట్టు భావించి పన్ను లెక్కలోంచి తీసేసేవారు. డ్రైవర్ ఉంటే ఇంకో 900. కారు లేక స్కూటరో బైకో ఉంటే 900. కంపెనీ నెలకు అయిదు వేలు ఇస్తే, చిన్న కారుకు 1,800 పోగా 3,200 మీద పన్ను కట్టాల్సిందే. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల చిల్లర ఉన్నప్పుడు 1,800 రూపాయలకు పదిహేడు లీటర్లు కూడా రాదు. కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ట్రాఫిక్‌లో రోజూ ఈదేవాళ్లకు అది నెలలో ఎన్ని రోజులొస్తుందో వాళ్లకే తెలుసు.

ఇందులో మాట జారిపోయేది ఒకటుంది. ఇంటి నుంచి ఆఫీసుకు సొంత కారులో వెళ్లడం చట్టం దృష్టిలో సొంత పనే. క్లయింటు దగ్గరకో, ఇంకో బ్రాంచికో, బ్యాంకుకో వెళ్లడం ఆఫీసు పని. రెండూ కలిసి ఉన్నచోట ఎంత దూరం దేనికని లాగ్ పుస్తకం రాయకుండా తప్పించడానికే ఈ 1,800 రూపాయల స్థిర మొత్తం పెట్టారు. అంతకు మించి పూర్తిగా ఆఫీసు ఖర్చే అని చూపాలంటే తేదీ, గమ్యం, కిలోమీటర్లు, ఖర్చుతో లాగ్ ఉండాలి, కంపెనీ ధ్రువీకరణ కావాలి. కాబట్టి ఇంట్లో కూర్చుని పనిచేస్తూ, బండి ఎప్పుడూ ఆఫీసు పని మీద కదలకపోతే, ఈ గడి నింపడానికి ఆధారం లేనట్టే. ఆర్‌సీ కూడా ఉద్యోగి పేరు మీదే ఉండాలి. నాన్నగారి పేరు మీదున్న కారుకు పెట్రోలు మీరే కొట్టించినా బిల్లు వెనక్కి వస్తుంది.

ఫోనుది ఇంకా తేలిక. ఉద్యోగి టెలిఫోను, మొబైల్ కోసం కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చుకు పన్ను లేదంటుంది నిబంధన. దానికి అంకె పరిమితి ఏదీ పెట్టలేదు. పరిమితి పెట్టేది కంపెనీ. ఫోను బిల్లు మాత్రమే, ఫోను కొన్న ఖర్చు కాదు. బిల్లు ఉద్యోగి పేరుతో ఉండాలి. ప్రీపెయిడ్ అయితే రీచార్జి రసీదులో నంబరు, తేదీ, మొత్తం కనబడాలి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ను కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఒక చిక్కు చెప్పాలి. కొన్ని కంపెనీల పేస్లిప్‌లో "టెలిఫోన్ అలవెన్స్ 1,000" అని ప్రతి నెలా బిల్లు అడక్కుండా వేసేస్తారు. చూడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ బిల్లు లేకుండా ఇచ్చిన అలవెన్స్ మొత్తం మీద పన్ను పడుతుంది. బిల్లు చూసి తిరిగి ఇచ్చే రీయింబర్స్‌మెంట్‌కే మినహాయింపు. పెట్రోలుకూ అంతే. ఫ్లెక్సీ ప్లాన్‌లో ఈ గోల పడమనేది అందుకే.

ఇప్పుడు అసలు లెక్క. 2025-26కి కొత్త విధానంలో జీతగాళ్లకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. అది తీసేశాక పన్ను పడే ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను సున్నా. శ్లాబుల ప్రకారం 60,000 రూపాయలు వచ్చినా, 87ఏ రిబేటు ఆ మొత్తాన్నీ మాఫీ చేస్తుంది. కాబట్టి పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీ తీసేసిన జీతం 12,75,000 లోపు ఉండి, వేరే ఆదాయం లేనివాళ్లకు ఈ ప్లాన్‌తో పన్ను ఆదా ఏమీ లేదు. కట్టే పన్నే లేనప్పుడు ఆదా ఎక్కడిది? వాళ్లు పోర్టల్‌లో అన్నీ సున్నా పెట్టి, జీతం మొత్తం ఖాతాలోకి తెచ్చుకోవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం ఆఫీసుల్లో తొలి ఉద్యోగంలో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఈ కోవలోనే ఉంటారు. పెట్రోలు బిల్లులు దాచుకునే శ్రమ వాళ్లకు అనవసరం.

12 లక్షలు దాటిన మరుక్షణం కథ మారుతుంది. ఒక్క రూపాయి దాటినందుకు 60,000 పన్ను కట్టమంటే అన్యాయం కదా. అందుకని మార్జినల్ రిలీఫ్ అని ఒకటి పెట్టారు. 12 లక్షల మీద ఎంత ఎక్కువ సంపాదిస్తే, పన్ను అంతకు మించదు. వినడానికి దయగానే ఉంది. దాని రెండో ముఖం ఏమిటంటే, ఆ ఎక్కువ సంపాదించినదంతా పన్నుగా పోతుంది. పైన 4 శాతం సెస్సు కూడా. శ్లాబు లెక్క రిలీఫ్ లెక్కను కలిసేది 12,70,588 రూపాయల దగ్గర. ఆ రెండింటి మధ్య ఉన్న 70 వేల రూపాయల గట్టు మీద నిలబడ్డవాళ్లకు రేటు పదిహేను శాతం కాదు, నూటికి నూటనాలుగు.

గచ్చిబౌలిలో పనిచేసే ఒక ఉద్యోగిని అనుకుందాం. బేసిక్ ఏడాదికి 6,00,000, హెచ్‌ఆర్‌ఏ 2,40,000, స్పెషల్ అలవెన్స్, వేరియబుల్ పే కలిపి 4,55,000. మొత్తం 12,95,000. కొత్త విధానం. సొంతానికి 1.2 లీటర్ల కారు ఉంది, వారంలో ఒకటి రెండుసార్లు క్లయింటు ఆఫీసుకు ఆ కారులోనే వెళ్తుంది. పోస్ట్‌పెయిడ్ ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు వెయ్యి దాటుతుంది. ఆమె పక్క సీటు అక్క మాట విని మీల్ కార్డు ఒక్కటే పెట్టుకుందనుకోండి. కొత్త విధానంలో దానికి మినహాయింపు లేదు. 12,95,000లోంచి 75,000 పోతే 12,20,000. శ్లాబుల ప్రకారం పన్ను 63,000, రిలీఫ్ వల్ల అది 20,000కి తగ్గుతుంది. సెస్సుతో కలిపి 20,800 రూపాయలు కట్టాలి.

అదే ఉద్యోగి మీల్ కార్డు వదిలేసి, స్పెషల్ అలవెన్స్‌లోంచి పెట్రోలుకు నెలకు 1,800, ఫోనుకు 1,000 పెట్టుకుని, బిల్లులన్నీ సరిగ్గా ఇచ్చిందనుకుందాం. ఏడాదికి 21,600, 12,000, కలిపి 33,600 రూపాయలు పన్ను లెక్కలోంచి పోతాయి. మిగిలిన జీతం 12,61,400. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11,86,400. పన్ను సున్నా. ఎలాగూ పెట్టే ఖర్చుకు బిల్లులు దాచినందుకు 20,800 రూపాయలు మిగిలాయి.

ఇంకా విచిత్రమైన బిందువు ఉంది. పన్ను పడే ఆదాయం సరిగ్గా 12,33,600 అయితే రిలీఫ్ తర్వాత పన్ను 33,600, సెస్సు 1,344, మొత్తం 34,944. అంటే పై 33,600 రూపాయలను జీతంగా తీసుకున్నందుకు అది మొత్తం పోగా, ఎదురు ఇంకో 1,344 చేతి నుంచి పోతుంది. అదే డబ్బు పెట్రోలు, ఫోను ఖాతాలో వస్తే అంతా మిగులుతుంది. ఈ గట్టు మీద ఉన్నట్టు చాలామందికి మార్చి దాకా తెలియదు. జీతం 12,60,000, నాకు పన్నే లేదు అనుకుంటూ ఉంటారు. ఆఖర్లో వేరియబుల్ పే పడుతుంది, లేదా ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కలుస్తుంది, 12 లక్షల గీత దాటేస్తారు. అప్పటికి పోర్టల్ మూసేసి ఉంటుంది. డిక్లరేషన్ ఇచ్చే రోజునే వేరియబుల్ పూర్తిగా వస్తుందనుకుని, బ్యాంకు వడ్డీ కూడా కలిపి లెక్క వేసుకుంటే ఈ చిక్కు ఉండదు.

గట్టు దాటి పైకి వెళ్లినవాళ్లకు లాభం ఉంటుంది గానీ మామూలు లాభమే. ఇరవై లక్షల జీతం ఉన్నవాళ్లకు కొత్త విధానంలో పై శ్లాబు 20 శాతం, సెస్సుతో 20.8. అదే 33,600 మీద వాళ్లకు మిగిలేది దాదాపు 7,000. ముప్ఫై లక్షల వాళ్లకు దాదాపు 10,500. ఏడాది పొడవునా బిల్లులు పోగేసే ఓపికకు ఆ డబ్బు చాలుతుందా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి.

పాత విధానానికి వెళ్తే మీల్ కార్డు కూడా కలిసొస్తుంది కదా అని అడిగేవాళ్లుంటారు. మన గచ్చిబౌలి ఉద్యోగి లెక్కే చూద్దాం. 12,95,000లోంచి మీల్, పెట్రోలు, ఫోను కలిపి 60,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ కింద 1,50,000, ఇంటి అద్దె మీద 1,20,000, తెలంగాణ వృత్తి పన్ను 2,400 తీసేద్దాం. మిగిలింది 9,12,600. పాత శ్లాబుల్లో పన్ను, సెస్సుతో కలిపి, 98,820 రూపాయలు. కొత్త విధానంలో సున్నా. మీల్ కార్డు ఒక్కటే తగ్గించింది అయిదున్నర వేలు. ఆ అయిదున్నర వేల కోసం దాదాపు లక్ష కట్టుకున్నట్టు. పాత విధానం నిజంగా గెలవాలంటే మినహాయింపులు చాలా పెద్దవై ఉండాలి. ఉదాహరణకు 24,75,000 జీతం దగ్గర స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా ఎనిమిది లక్షలు దాటాలి. పెద్ద అద్దె, ఇంటి రుణం వడ్డీ, 80సీ, ఎన్‌పీఎస్ అన్నీ ఉన్న కుటుంబాలకు అది కుదురుతుంది. అలా కుదిరినవాళ్లు మీల్ కార్డు పూర్తిగా పెట్టుకోవాలి. ముప్ఫై శాతం శ్లాబులో అది ఏడాదికి 8,200 దాకా మిగులుస్తుంది, పైగా బిల్లులు అడిగేవాళ్లు లేరు.

బిల్లుల దగ్గర జరిగే తప్పులు చాలావరకు మామూలువే. బంకులో ఇచ్చే చీటీ థర్మల్ కాగితం. వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద నాలుగు రోజులుంటే అక్షరాలు మాయమవుతాయి. కొట్టించిన వెంటనే ఫోటో తీసి పెట్టుకోకపోతే మార్చిలో తెల్ల కాగితాలు చేతిలో మిగులుతాయి. చీటీ మీద బండి నంబరు వేయమని బంకులో అడగాలి, అడిగితే వేస్తారు. ఉద్యోగంలో చేరక ముందు తేదీ ఉన్న బిల్లు, నిరుటి ఆర్థిక సంవత్సరం బిల్లు చెల్లవు. నెల మధ్యలో చేరినవాళ్లు ఏడాది మొత్తానికి 21,600 పెట్టేస్తే, మిగిలిన నెలల లెక్కే ఒప్పుకుంటారు.

మామూలువి కానివీ ఉన్నాయి. మెట్రోలో తిరుగుతూ, బంకు కుర్రాడి దగ్గర వదిలేసిన చీటీలు తెచ్చి ఇచ్చేవాళ్లు ఉంటారు. పేరోల్‌లో చూసేవాళ్లకు ఇవి పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. మూడు నెలల బిల్లుల మీద సీరియల్ నంబర్లు వరసగా ఉంటాయి. పెట్రోలు కారుకు డీజిల్ బిల్లు ఉంటుంది. ముప్ఫై అయిదు లీటర్ల ట్యాంకులో ఒకేసారి యాభై లీటర్లు పోసినట్టుంటుంది. దొరికితే కంపెనీలో క్రమశిక్షణ చర్య ఒక ఎత్తు. పన్ను శాఖ దాన్ని ఆదాయాన్ని తప్పుగా చూపడంగా తీసుకుంటే, 270ఏ సెక్షన్ కింద ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా. ఏడు వేల పన్ను కోసం పద్నాలుగు వేల జరిమానా, అదీ ఆ ఏడు వేలు, దాని మీద వడ్డీ కాక.

బిల్లు ఇవ్వని మొత్తం ఏమవుతుంది? చాలా కంపెనీలు దాన్ని మార్చి జీతంతో కలిపి పన్ను పడే ఆదాయంగా ఇచ్చేస్తాయి. కొన్ని కంపెనీల్లో ఇవ్వకుండానే రద్దయ్యే షరతు ఉంటుంది, అది ప్లాన్ పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవాల్సింది అదే. ముందుగా ప్రతి నెలా ఇచ్చేసి చివర్లో బిల్లులు అడిగే పద్ధతి అయితే, ఇవ్వలేకపోయినవాళ్లకు ఏడాది పన్నంతా మార్చి నెల జీతంలోనే కోస్తారు. మార్చిలో చేతికొచ్చిన జీతం చూసి గుండె జారిన కథలకు సగం కారణం ఇదే.

ఇవి 80సీ లాంటివి కావని కూడా గుర్తుంచుకోవాలి. బీమా ప్రీమియం రసీదు కంపెనీకి ఇవ్వడం మరిచిపోయినా, పాత విధానంలో రిటర్ను వేసేటప్పుడు సొంతంగా చూపించుకోవచ్చు. పెట్రోలు, ఫోను, మీల్ కార్డుకు రిటర్నులో అలాంటి గడి లేదు. కంపెనీ లెక్కలో మినహాయింపు వస్తేనే ఫారం 16లో జీతం తగ్గి కనిపిస్తుంది. ఇందులోనే ఎదురు చిక్కు ఒకటి. కంపెనీకి పాత విధానం అని చెప్పి మీల్ కార్డు మీద మినహాయింపు తీసుకుని, జులైలో రిటర్ను వేసేటప్పుడు కొత్త విధానానికి మారేవాళ్లు ఉంటారు. మారొచ్చు, తప్పు లేదు. కానీ ఫారం 16లో తగ్గిన ఆ 26,400ను మళ్లీ జీతంలో కలిపి చూపాలి. ఫారం 16లోని అంకెను అలాగే దించేస్తే తక్కువ ఆదాయం చూపినట్టు.

ఈ అంకెలన్నీ 2025-26కి సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి. ఆ తర్వాతి జీతానికి డిక్లరేషన్ ఇచ్చేవాళ్లు పోర్టల్‌లో నిరుటి అంకెలను అలాగే ఉంచేయకుండా, మీల్ కార్డుకు, పెట్రోలుకు, ఫోనుకు తాము ఎంచుకున్న విధానంలో ఒక్కోదానికి మినహాయింపు ఎంతో పేరోల్‌ను రాతపూర్వకంగా అడగాలి.

ఉద్యోగం మారేవాళ్లకు ఒక జాగ్రత్త. రాజీనామా ఆమోదం పొందాక పోర్టల్ ఆఖరి పని దినం దాకా తెరిచి ఉంటుందని అనుకోవద్దు, ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క మొదలయ్యేసరికి చాలాచోట్ల మూసేస్తారు. నోటీసు పీరియడ్ మొదటి వారంలోనే ఉన్న బిల్లులన్నీ అప్‌లోడ్ చేసి, మీల్ కార్డులో మిగిలింది సరుకులకు వాడేయాలి. పాత కంపెనీలో ఎంత రీయింబర్స్‌మెంట్ మినహాయింపు వచ్చిందో చూపే కాగితం తీసుకుని కొత్త కంపెనీ పేరోల్‌కు ఇవ్వాలి. లేకపోతే రెండు కంపెనీలూ ఎవరికి వారు 12 లక్షల లోపే అనుకుని పన్ను కోయరు, రెండు జీతాలూ కలిపాక ఆ పన్నంతా జులైలో సొంత జేబులోంచి కట్టాల్సి వస్తుంది.